పని ఐదు ముక్కలు చేస్తే ఐదుగురికీ సమానమవుతుందా?

నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో మా ఐదుగురికి కలిపి ఒక సర్వే అసైన్‌మెంటు ఇచ్చారు. మొదటి రోజే కూర్చుని పని పంచుకున్నాం. ఒకరు పరిచయం రాయాలి, ఇద్దరు ఊళ్లోకి వెళ్లి సర్వే చేయాలి, ఒకరు లెక్కలు కట్టాలి, చేతిరాత బాగుంటుందని రిపోర్టు రాసే పని నాకు. ఐదుగురికి ఐదు పనులు వచ్చాయి కాబట్టి పంపకం సక్రమంగా జరిగిందని అందరం నమ్మాం. సర్వే ఫారాలు పది రోజులు ఆలస్యంగా వచ్చాయి. లెక్కలు కట్టవలసిన అబ్బాయి తనకు చేరిన ఆలస్యానికి తన ఆలస్యాన్ని కలిపి, సమర్పించవలసిన రోజుకు ముందు రోజు మధ్యాహ్నం కాగితాలు నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి తెల్లవార్లూ రాశాను. రెండు పట్టికలలో మొత్తాలు కలవలేదని తెల్లవారుజామున కనిపెట్టాను, కానీ అడగడానికి ఎవరూ మెలకువగా లేరు. అందరికీ ఒకే మార్కు వచ్చింది.

చాలాకాలం పాటు ఆ అన్యాయానికి కారణం నా స్నేహితుల బద్ధకమే అనుకున్నాను. ఇప్పుడు నేనే పాఠాలు చెబుతూ, ఏటా పిల్లల గ్రూపు పనులు చూస్తున్న తరువాత, తప్పు ముఖ్యంగా మా పంపకంలోనే ఉందని నాకు స్థిరంగా అనిపిస్తోంది. ఒకదాని తరువాత ఒకటి జరగవలసిన పనులను మనిషికొకటి చొప్పున పంచినప్పుడు, ముందువారి ఆలస్యమంతా వరుసలో చివర ఉన్న వ్యక్తి మీద పడుతుంది. ఆ వ్యక్తి వాటా కాగితం మీద మిగతావారి వాటాతో సమానంగానే కనిపిస్తుంది, కానీ దాన్ని పూర్తి చేయడానికి మిగిలే వ్యవధి మాత్రం సమానం కాదు. అందువల్ల గ్రూపు పనిలో న్యాయాన్ని ఎవరికి ఏ ముక్క వచ్చిందన్న దాన్ని బట్టి మాత్రమే చూడకూడదని, ఎవరి పని ఏ రోజున ఎవరి చేతికి చేరుతుందన్న దాన్ని బట్టి చూడాలని నా వాదన. దీన్ని కిందటి ఏడాది నా దగ్గర చదివిన ఒక గ్రూపు ప్రణాళికతో వివరిస్తాను. ఆ పిల్లల పేర్లు చెప్పడం భావ్యం కాదు కాబట్టి ఒకటి నుంచి ఐదు వరకు అంకెలతోనే పిలుస్తాను.

వాళ్లకిచ్చిన పని ఇది. నెల్లిమర్ల వైపు ఉన్న ఒక ఊళ్లో అరవై ఇళ్లకు వెళ్లి, తాగునీటి కోసం ఆ కుటుంబాలు ఎంత ఖర్చు పెడుతున్నాయో ఇరవై ప్రశ్నలతో తెలుసుకుని, పట్టికలతో రిపోర్టు రాసి, తరగతిలో వివరించాలి. వ్యవధి ఏడు వారాలు. మొదటిసారి వాళ్లు తెచ్చిన పంపకం అచ్చంగా మాదిలాగే ఉంది: ప్రశ్నావళి ఒకరికి, సర్వే ఇద్దరికి, లెక్కలు ఒకరికి, రాత ఒకరికి. రాత పని ఈసారి కూడా ఒక అమ్మాయికే వచ్చింది, కారణం కూడా చేతిరాతే. రిపోర్టు కంప్యూటర్‌లో టైపు చేసే కాలంలో చేతిరాతకు ఏం సంబంధమని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఇళ్లకు వెళ్లే పని మగపిల్లలకు, కూర్చుని రాసే పని ఆడపిల్లలకు అన్న అలవాటు మన కాలేజీలలో ఎంత సహజంగా కుదురుకుందంటే, దాన్ని పంపకం అని కూడా ఎవరూ గుర్తించరు.

ఆ కాగితాన్ని తిప్పి ఇస్తూ ఒకే షరతు పెట్టాను. ప్రణాళిక రాసే ముందు ఐదుగురూ ఆ ఊరికి వెళ్లి తలా ఒక ఇంట్లో ప్రశ్నలన్నీ అడిగి, ఎంత సమయం పట్టిందో గడియారం చూసి రాసుకుని రావాలి. ఒక్కో ఇంటికి పది నిమిషాలు పడుతుందని వాళ్ల అంచనా. వెళ్లి వచ్చాక తేలిన సగటు ఇరవై అయిదు నిమిషాలు. ఇంటివాళ్లను పిలవాలి, ఎందుకు వచ్చామో చెప్పాలి, వాళ్లు ఏ పథకం కోసమో రాసుకుంటున్నారనుకుంటే కాదని నచ్చజెప్పాలి, ఇచ్చిన మంచినీళ్లు తాగాలి, తరువాతి ఇంటికి నడవాలి. అడగడానికి పట్టే పది నిమిషాలు ఆ ఇరవై అయిదులో ఒక భాగం మాత్రమే.

ఈ పొరపాటు వీళ్లకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన పరిశోధనలో, తమ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందో చెప్పమని విద్యార్థులను అడిగారు. వాళ్లు చెప్పిన సగటు సుమారు 34 రోజులు, నిజంగా పట్టింది సుమారు 55 రోజులు. అంతా చెడ్డగా జరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు చెప్పిన సగటు కూడా ఆ 55కు చేరలేదు. మరింత జాగ్రత్తగా ఊహించండి అని చెప్పడం వల్ల పెద్దగా ఉపయోగం లేదని దీన్ని బట్టి నాకు అర్థమైంది. ఊహించడం మాని, పనిలో ఒక చిన్న తునకను చేసి చూసి, దాన్ని గుణించడమే దారి.

అలా గుణిస్తే వచ్చిన లెక్క ఇది. ఒక్కో ఇంటికి ఇరవై అయిదు నిమిషాల చొప్పున అరవై ఇళ్లకు ఇరవై అయిదు గంటలు. ఒంటరిగా ఎవరూ ఏ ఇంటికీ వెళ్లకూడదని, ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్లాలని నిర్ణయించుకున్నారు కాబట్టి అది యాభై గంటల పని. ఒక ఫారాన్ని కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఆరు నిమిషాలు, అంటే అరవై ఫారాలకు ఆరు గంటలు. ఎక్కించినదాన్ని ఫారంతో సరిచూడడానికి నాలుగు. ప్రశ్నావళిని దిద్ది, ఎలా అడగాలో సూచనలు రాసి సిద్ధం చేయడానికి ఆరు, పట్టికలకు ఎనిమిది, రాతకు పద్నాలుగు, అన్నీ ఒకచోట చేర్చి పేజీలు అమర్చడానికి ఏడు, తరగతిలో చెప్పడానికి తయారవడం తలా ఒక గంట చొప్పున ఐదు. మొత్తం నూరు గంటలు, అంటే మనిషికి ఇరవై.

ఇప్పుడు ఈ గంటలను వాళ్ల పాత పంపకం పక్కన పెట్టి చూడమన్నాను. సర్వే చేసే ఇద్దరికీ చెరి ఇరవై ఆరు గంటలు, రాసే అమ్మాయికి ఇరవై రెండు, లెక్కలు చేసేవారికి పంతొమ్మిది, ప్రశ్నావళి రాసే వ్యక్తికి ఏడు పడ్డాయి. ఆ ఏడు గంటల వ్యక్తి మోసగాడేమీ కాదు. తనకిచ్చినది తాను పూర్తిగా చేస్తాడు, మొదటి వారంలోనే ముగించి నిశ్చింతగా ఉంటాడు. అంతకంటే ముఖ్యంగా, రాసే అమ్మాయికి ఐదు వారాల పాటు ఏ పనీ ఉండదు. ఆమె ఇరవై రెండు గంటలూ చివరి కొద్ది రోజులలోనే వచ్చి పడతాయి. వరుసలో ఎవరు జారినా ఆ రోజులే తరుగుతాయి.

కొత్త పంపకంలో మేము మొదట చేసినది సర్వేను ఐదుగురికీ పంచడం. దీనికి ఒక చక్కని అమరిక ఉంది. ఐదుగురిలో ఇద్దరిద్దరి చొప్పున జతలు కడితే పది జతలు వస్తాయి. ఒక్కో జత ఆరు ఇళ్లకు వెళితే సరిగ్గా అరవై ఇళ్లు. ఆరు ఇళ్లంటే రెండున్నర గంటలు, అంటే ఒక సాయంత్రం. ఒకే సాయంత్రం రెండు జతలు ఊళ్లో రెండు వీధుల్లోకి వెళితే ఐదో వ్యక్తి మిగిలిపోతారు. ఆ మిగిలిన వ్యక్తి రోజూ మారుతూ ఉంటే ఐదు సాయంత్రాలలో పది జతలూ పూర్తవుతాయి, ప్రతి ఒక్కరూ మిగతా నలుగురితోనూ ఒక్కొక్కసారి వెళతారు, ప్రతి ఒక్కరికీ ఒక సాయంత్రం ఊరికి వెళ్లే పని ఉండదు.

మొదటి సాయంత్రం: 2–5, 3–4 వెళతారు, 1 మిగులుతారు.
రెండో సాయంత్రం: 1–3, 4–5 వెళతారు, 2 మిగులుతారు.
మూడో సాయంత్రం: 2–4, 1–5 వెళతారు, 3 మిగులుతారు.
నాలుగో సాయంత్రం: 3–5, 1–2 వెళతారు, 4 మిగులుతారు.
ఐదో సాయంత్రం: 1–4, 2–3 వెళతారు, 5 మిగులుతారు.

మిగిలిన వ్యక్తి ఆ రోజు అంతకుముందు సాయంత్రం వచ్చిన పన్నెండు ఫారాలను కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. చివరి సాయంత్రపు ఫారాలు మొదటి రోజు మిగిలిన ఒకటో విద్యార్థికి వస్తాయి. ఇలా చేస్తే ఎంట్రీ కూడా తలా పన్నెండు ఫారాలకు సమానమవుతుంది, సర్వే ముగిసిన మరునాటికే అదీ ముగుస్తుంది. సర్వే అంతా అయ్యాక అరవై ఫారాల కట్టను ఒకరి ముందు పెట్టడం అనే ఘట్టం ఇక ఉండదు. తప్పులు కూడా తొందరగా బయటపడతాయి, ఎందుకంటే ఎక్కించే వ్యక్తికి చదవడానికి రాని అంకె ఎవరు రాశారో, వాళ్లకు ఆ ఇల్లు ఇంకా గుర్తుండగానే అడగవచ్చు.

సర్వే పది గంటలు, ఎంట్రీ, తనిఖీ కలిపి రెండు, తరగతి తయారీ ఒకటి తీసేస్తే మనిషికి ఏడు గంటలు మిగులుతాయి. ప్రత్యేకమైన పనులు పంచవలసినది ఆ ఏడు గంటలలోనే. గజపతినగరం నుంచి వచ్చే మూడో అమ్మాయి ప్రశ్నావళి ఆరు గంటలూ, పట్టికలలో ఒక గంటా తీసుకుంది. ఐదో అబ్బాయి మిగతా పట్టికలు తీసుకున్నాడు. రాత పద్నాలుగు గంటలను రెండు, నాలుగు పంచుకున్నారు. చేర్చి అమర్చే పని ఒకటో విద్యార్థిది. ఇలా ప్రతివారికీ ఏడేసి గంటలు వచ్చాయి. అంకెలు ఇంత చక్కగా సరిపోవడం అన్ని గ్రూపులకూ జరగదు. గంటా రెండు గంటల తేడా ఉన్నా నేను అభ్యంతరం చెప్పను. ఏడుకూ ఇరవై ఆరుకూ ఉన్న తేడానే నాకు అభ్యంతరం.

ఇక్కడ నిజజీవితం అడ్డం వచ్చింది. ఒకటో విద్యార్థి సాయంత్రాలు ఒక కిరాణా దుకాణంలో పని చేస్తాడు, నాలుగింటిలో రెండు సాయంత్రాలకు మించి సెలవు దొరకదు. చాలా గ్రూపులలో ఇలాంటి పిల్లలు ఏదో సాకు చెప్పి తప్పుకుంటారు, మిగతావారు అతన్ని పని దొంగ అనుకుంటారు. ఈ గ్రూపు దాన్ని ముందే బాహాటంగా కాగితం మీద పెట్టింది. రెండో సాయంత్రం అతని బదులు ఆ రోజు మిగిలే రెండో అమ్మాయి, నాలుగో సాయంత్రం అతని బదులు నాలుగో అబ్బాయి వెళ్లారు. వాళ్లు చేయవలసిన ఎంట్రీ అతను దుకాణం మూసి వచ్చాక రాత్రి చేశాడు. రెండున్నర గంటల సర్వేకు బదులు సుమారు గంటంపావు ఎంట్రీ అయింది కాబట్టి, ఒక్కొక్కరికి ఇంకా గంటంపావు బాకీ ఉంటాడు. ఆ మేరకు వాళ్ల రాత పనిలో భాగం తీసుకున్నాడు. అతనికి మినహాయింపు ఇచ్చామని ఎవరూ అనుకోలేదు, దయ చూపించారని అతనూ తల దించుకోవలసిన అవసరం రాలేదు. గంటలు ముందుగా లెక్కపెట్టి ఉండబట్టే ఈ మార్పిడి సాధ్యమైంది.

ఇక గడువుల విషయం. పిల్లలు రాసుకువచ్చే ప్రణాళికలలో నాకు తరచు కనిపించే మాట "మూడో వారానికి సగం పని పూర్తి". సగం అంటే ఏమిటో ఎవరూ చూపించలేరు. వాట్సాప్ గ్రూపులో ఎంతవరకు వచ్చిందని అడిగితే "అవుతోంది మేడం" అన్న సమాధానం వస్తుంది, నా అనుభవంలో దాని అర్థం ఇంకా మొదలుపెట్టలేదని. అందుకే గడువు పక్కన రాయవలసినది పని పేరు కాదు, ఆ రోజున మరొకరి చేతిలో పెట్టగలిగిన వస్తువు. ఈ గ్రూపు గడువులు ఇలా ఉన్నాయి. మొదటి వారం చివరికి ఐదు ఇళ్లలో పరీక్షించి దిద్దిన ప్రశ్నావళి. రెండో వారం సర్వే మొదలయ్యే లోపల ఖాళీ పట్టికలు. రెండో వారంలో శని, ఆదివారాలు, మూడో వారంలో శని, ఆదివారాలు, నాలుగో వారంలో శనివారం కలిపి ఐదు సాయంత్రాల సర్వే, ఒక్కోదానికి పన్నెండు ఫారాలు. నాలుగో వారం ఆదివారం, చివరి ఫారాల ఎంట్రీ తప్ప, ఎవరికీ ఏ పనీ రాయకుండా వదిలిన రోజు. ఐదో వారం దసరా సెలవులు. ఆరో వారంలో నిండిన పట్టికలు, రిపోర్టు మొదటి ప్రతి. ఏడో వారంలో అమర్చిన రిపోర్టు.

దసరా దాటిన మొదటి మంగళవారం సిరిమానోత్సవం. విజయనగరంలో ఆ రోజున, దానికి ముందు రోజున ఏ పనీ జరగదని అందరికీ తెలుసు, అయినా ప్రణాళికలో ఆ రోజులకు పని రాస్తారు. చుట్టాలతో నిండిన ఇంట్లో కూర్చుని పట్టికలు కట్టలేమని నిజాయితీగా ముందే ఒప్పుకుంటే, ఆరో వారంలో పని చేయగలిగేది బుధవారం నుంచే అని తేలుతుంది. సర్వేకు సాయంత్రాలు ఎంచుకోవడానికి కూడా అలాంటి కారణమే ఉంది. ఆ నెలలో ఊరివాళ్లు కలుపు తీతకు పొద్దున్నే పొలాలకు వెళ్లిపోతారు, నాలుగు దాటితే గాని ఇళ్లకు చేరరు.

పైన ఖాళీ పట్టికలు అన్నాను. నా దృష్టిలో ఈ మొత్తం ప్రణాళికలో చివరి మనిషిని కాపాడేది అదే. సర్వేకు ముందే, రిపోర్టులో ఏయే పట్టికలు ఉంటాయో శీర్షికలతో, అడ్డు వరుసలతో, నిలువు వరుసలతో గీసి, అంకెల గడులు మాత్రం ఖాళీగా వదిలేస్తారు. ఉదాహరణకు ఒక పట్టికలో ఎడమవైపు నీటి ఆధారాలు వస్తాయి: కుళాయి, బోరు, బావి, కొనే క్యాన్లు. పైన కుటుంబ సభ్యుల సంఖ్య వస్తుంది. ఇది గీస్తున్నప్పుడే, కుళాయి నీళ్లూ క్యాను నీళ్లూ రెండూ తాగే ఇంటిని ఏ వరుసలో వేయాలన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్నావళిలో దానికి జవాబు లేదు. అది సర్వే అయ్యాక తెలిసి ఉంటే అరవై ఇళ్లకు మళ్లీ వెళ్లాలి, లేదా ఊహించి రాయాలి. ముందే తెలిసింది కాబట్టి మూడో అమ్మాయి ప్రశ్నను మార్చింది.

రాసేవారికి ఖాళీ పట్టికలతో మరో మేలు కూడా ఉంది. ఏ అంకెలు వస్తాయో తెలియకపోయినా ఏ విషయాలు వస్తాయో తెలుసు కాబట్టి, ఊరి పరిచయం, సర్వే చేసిన పద్ధతి, పట్టికల వరుస నాలుగో వారానికల్లా రాసేయవచ్చు. రాత పద్నాలుగు గంటలలో దాదాపు సగం ఇలా సర్వే జరుగుతుండగానే అయిపోయింది. చివరి పని చివర్లోనే మొదలవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. అలా జరగడానికి కారణం ముక్కలుగా పంచుకునే మన అలవాటే.

ఐదుగురు అడిగితే ఐదు రకాలుగా అడుగుతారన్నది ఈ పద్ధతికి ఉన్న నిజమైన లోపం. ఇద్దరే అడిగితే ఆ తేడా తక్కువ. మొదటి ఐదు ఇళ్లలోనే అది కనిపించింది. "నీళ్లకు నెలకెంత అవుతుంది?" అని ఒకరు అడిగారు, క్యాను ధర మాత్రమే మరొకరు రాసుకున్నారు, రోజు విడిచి రోజు తెప్పిస్తామని చెబితే ఇంకొకరు అక్కడే మనసులో గుణించి ఏదో అంకె వేశారు. అందుకని ఎవరూ ఇంటి దగ్గర గుణించకూడదని, వారానికి ఎన్ని క్యాన్లు, క్యాను ధర ఎంత అన్న రెండు అంకెలే విడివిడిగా రాయాలని, నెల ఖర్చు తరువాత కంప్యూటర్‌లో లెక్కకట్టాలని నియమం పెట్టుకున్నారు. జతలు రోజూ మారడం కూడా ఇక్కడ ఉపకరించింది. ఎవరు ఎలా అడుగుతున్నారో ఒకరికంటే ఎక్కువమంది విన్నారు.

బాధ్యతల పేర్ల గురించి కొంచెం చెప్పాలి. గ్రూపుకు ఒక లీడరు ఉండాలని కాలేజీలో అందరూ అంటారు. నేను చూసినంతలో ఆ లీడరు అన్నీ తానే చేస్తాడు, లేదా అందరికీ పురమాయించి తానేమీ చేయడు. దాని బదులు మూడు చిన్న బాధ్యతలను వేర్వేరు వ్యక్తులకు ఇవ్వమంటాను. ఒకరు తేదీలు చూస్తారు, గడువు దాటిన రోజే అడిగే హక్కు వారిది. ఒకరి దగ్గర అసలు ఫైలు ఉంటుంది, మార్పులన్నీ అందులోనే జరగాలి. తలా ఒక ప్రతి పెట్టుకున్న గ్రూపులో `final_new_2.xlsx` అనే ఫైలు ముగ్గురి దగ్గర మూడు రకాల అంకెలతో ఉండగా చూశాను. ఇంకొకరు తనిఖీ చేస్తారు, అయితే తాను చేసిన పనిని కాదు.

ఆ తనిఖీ ఎలా జరిగిందో చెబితే అవసరం అర్థమవుతుంది. ప్రతి ఫారం పైన సాయంత్రం సంఖ్య, ఇంటి సంఖ్య, వెళ్లిన ఇద్దరి పొట్టి సంతకాలు ఉంటాయి. అరవైలో పదో వంతు, అంటే ఆరు ఇళ్లను చీటీలు వేసి ఎంచి, ఆ ఇంటికి వెళ్లని వ్యక్తి మళ్లీ వెళ్లి రెండే ప్రశ్నలు అడిగి వస్తారు: మా వాళ్లు వచ్చారా, ఇంట్లో ఎంతమంది ఉంటారు. ఈ గ్రూపులో ఆరూ సరిపోయాయి. వేరే గ్రూపులో ఒక సాయంత్రపు ఫారాలలో ఆరింటికి ఆరూ నలుగురు సభ్యులతో, ఒకే ఖర్చుతో ఉండడం చూసి అడిగితే, చెట్టు కింద కూర్చుని నింపామని ఒప్పుకున్నారు. అంకెలు మరీ ఏకరీతిగా ఉండడం, ఖాళీలు ఒక్కటీ లేకపోవడం, అన్ని జవాబులూ ఒకే కలం ఒకే వేగంతో రాసినట్టు కనిపించడం, ఇవే ఆనవాళ్లు.

గుంపులో ఉన్నప్పుడు మనిషి తన బలాన్ని తగ్గిస్తాడన్నది కొత్త సంగతి కాదు. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు రింగెల్మన్ తాడు లాగించి చేసిన ప్రయోగాల ఫలితాలను 1913లో ప్రచురించాడు. మనుషులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చి, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలసరి బలం ఒంటరిగా లాగినదానిలో సుమారు సగానికి పడిపోయింది. అందులో కొంత ఒకేసారి లాగడం కుదరక జరిగేది, కొంత నిజంగానే శ్రమ తగ్గించడం. ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసేటట్టు చేస్తే ఆ రెండో భాగం బాగా తగ్గుతుందని తరువాతి పరిశోధకులు చూపించారు. ఫారం మీది పొట్టి సంతకం చేసే పని అదే. అది నిఘా కోసం పెట్టినది కాదని పిల్లలకు విడమరచి చెప్పాను.

రెండో సాయంత్రం ఐదో అబ్బాయి రాలేదు. ఫోను ఎత్తలేదు. జతగా వెళ్లవలసిన నాలుగో అబ్బాయి ఊరి దాకా వెళ్లి ఒంటరిగా నిలబడ్డాడు. ఒంటరిగా ఇళ్లకు వెళ్లకూడదన్న నియమం వల్ల మిగతా జతతో కలిసి తిరిగాడు. పాత పంపకంలో అయితే ఇలాంటి గైర్హాజరు రెండు వారాల దాకా ఎవరికీ తెలియదు, తెలిసేటప్పటికి సగం సర్వే పోయి ఉంటుంది. ఇక్కడ ఆ రాత్రికే తెలిసింది, పోయినది ఆరు ఇళ్లు మాత్రమే. వాటినీ, తాళం వేసి ఉన్న మరో నాలుగు ఇళ్లనీ పని రాయకుండా వదిలిన ఆ ఆదివారం నాడు పూర్తి చేశారు. నాలుగో అబ్బాయికి వృథా అయిన సాయంత్రానికి బదులుగా, తనిఖీలో అతని వంతును ఐదో అబ్బాయి చేశాడు. ఆ మాట ఎవరూ అడగకముందే తానే అన్నాడు. గొడవ పడడానికి కావలసినంత పెద్దది కాకముందే తప్పు కనిపించడం వల్ల అది సాధ్యమైందని నేననుకుంటున్నాను.

చివరిగా మార్కుల విషయం. ఎవరెంత చేశారో గ్రూపులోని వాళ్లే ఒకరికొకరు రహస్యంగా మార్కులు వేసుకునే పద్ధతిని కొందరు సహోద్యోగులు వాడతారు. నేను వాడను. మన దగ్గర ఒకే హాస్టల్ గది, ఒకే ఊరు, బంధుత్వం ఉన్నవాళ్లు ఒక జట్టుగా ఉంటారు, ఐదుగురిలో ముగ్గురు ఒక వైపైతే మిగతా ఇద్దరి మార్కులు ముందే తేలిపోతాయి. నిజాయితీగా వేసినా ఇంకో చిక్కుంది. రాస్, సికోలీ అనే పరిశోధకులు 1979లో భార్యాభర్తలను విడివిడిగా ఇంటిపనిలో మీ వంతెంత అని అడిగితే, ఇద్దరి జవాబులూ కలిపినప్పుడు చాలా జంటలలో నూరు శాతం దాటింది. అబద్ధమాడి కాదు, తాను చేసినది తనకు బాగా గుర్తుంటుంది కాబట్టి. అందువల్ల జ్ఞాపకాన్ని కాకుండా, జరిగిన రోజునే రాసిన చిట్టాను చూస్తాను. ఆ చిట్టాలో కూడా గంటలు రాయనివ్వను. గంటలు ప్రణాళిక కోసం మాత్రమే. చేశాక రాయవలసినవి ఫారాలు, పట్టికలు, పేజీలు. నెమ్మదిగా చేసేవారికి ఎక్కువ గంటలు పడితే అది ఎక్కువ పని అవదు, వేగంగా చేసేవారు తక్కువ రాసుకుని నష్టపోకూడదు.

రిపోర్టు గడువుకు ఒక రోజు ముందు వచ్చింది. చివరి పేజీలో ఎవరు ఏమి చేశారో ఐదు వాక్యాలు ఉన్నాయి, కింద ఐదు సంతకాలు. దాన్ని చదువుతుండగా మూడో అమ్మాయి పక్కన నిలబడి, "అందరివీ ఇరవయ్యే మేడం, నావి ఇరవై ఎనిమిది" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. మిగతా నలుగురూ పట్టణంలోనో నెల్లిమర్లలోనో ఉండేవాళ్లు. ఆమె మాత్రం ప్రశ్నావళి పరీక్షించిన ఆదివారం, సర్వే జరిగిన రెండు ఆదివారాలు, మిగిలిపోయిన ఇళ్లు పూర్తి చేసిన ఆదివారం, ఇలా నాలుగు సెలవు రోజులు గజపతినగరం నుంచి ప్రత్యేకంగా వచ్చి వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ రానుపోను రెండు గంటలు. "ముందే సెప్తే బాగున్ను గానీ, అప్పుడు నాకే తట్టనేదు మేడం" అంది. చార్జీలు కూడా ఆమె సొంతంగానే పెట్టుకుంది.

ఈ ఏడాది గ్రూపులకు ఇచ్చిన కాగితంలో పనుల పక్కన ప్రయాణం అని ఒక గడి చేర్చాను. ఒక గంట ప్రయాణాన్ని ఒక గంట పనిగా లెక్కించాలా, అందులో సగంగానా అన్నది నేను చెప్పలేదు. మొదటి గ్రూపు పూర్తిగా లెక్కించాలని నిర్ణయించి, ఎస్.కోట నుంచి వచ్చే అబ్బాయికి ఆదివారం సర్వేలు తగ్గించి పట్టికలు పెంచింది. రెండో గ్రూపు ఇంకా తేల్చుకోలేదు, వాళ్ల ప్రణాళిక సోమవారం రావాలి.